కప్పు మీద ఎవరి పేరు?

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే గోదావరి డెల్టాలో మండల కేంద్రాల కొట్లకు కొత్త రాకపోకలు మొదలవుతాయి. నలుగురు కుర్రాళ్లు రెండు బళ్ల మీద దిగుతారు. ఒకడి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం ఉంటుంది. ఎరువుల కొట్టాయన బస్తాలు దింపించుకుంటూనో, ఖాతా పుస్తకం తిరగేస్తూనో ఉంటాడు. కాగితం చేతికి రాగానే పై రెండు వరుసలు చూసి, మడిచి, గల్లా మీద పెట్టి, డ్రాయరు లాగి 516 రూపాయలు తీసి ఇస్తాడు. కుర్రాళ్లు దండం పెట్టి పక్క కొట్టుకు వెళ్తారు. ఆ కాగితంలో ఏం రాశారో ఇద్దరికీ పట్టదు.

సంక్రాంతి క్రికెట్ పోటీలకు కొట్లవాళ్లు ఇచ్చే డబ్బు ఎక్కువగా ఇలాగే పుడుతుంది. ఇచ్చినాయన దాన్ని వినాయక చవితి చందా, దసరా చందా రాసిన పద్దులోనే రాసుకుంటాడు. అదే కొట్టాయన ఊరి మొదట్లో గోడ మీద తన కొట్టు పేరు రాయించడానికి, కంపెనీ వాళ్లతో కలిసి రైతుల మీటింగు పెట్టడానికి వేలు ఖర్చు పెడతాడు. ఆ డబ్బు వేరే పద్దు. క్రికెట్ కాగితం ఆ రెండో పద్దులోకి వెళ్లాలంటే అందులో రాసిన ఒక్క పేరా మారాలి. ఏం మారాలో, ఎందుకు మారాలో ఒక ఊరిని ఊహించుకుని చూద్దాం.

ముందు ఇప్పుడు నడుస్తున్న పేరా సంగతి. ఏ ఊళ్లో చూసినా ఇంచుమించు ఒకే అచ్చు. "గౌరవనీయులైన వారికి మా యువజన సంఘం తరఫున నమస్కారములు. ప్రతి సంవత్సరం వలె ఈ సంవత్సరం కూడా యువతలో క్రీడాస్ఫూర్తిని పెంపొందించుటకు సంక్రాంతి సందర్భంగా క్రికెట్ టోర్నమెంటు నిర్వహించుచున్నాము. కావున తాము తమ వంతు ఆర్థిక సహాయ సహకారములు అందించి ప్రోత్సహించగలరని కోరుచున్నాము." చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ పోటీలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు వస్తున్నారు, ఎంత కావాలి, ఇస్తే ఆయనకు ఏం జరుగుతుంది అనే అయిదు సంగతుల్లో ఒక్కటీ ఇందులో లేదు. ఎంత అడుగుతున్నారో రాయలేదు కాబట్టి ఆయన తనకు అలవాటైన 516 ఇచ్చాడు. అందులో ఆయన పిసినారితనం ఏమీ లేదు.

ఇక మనం ఊహించుకునే ఊరు. మండల కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు. దాళ్వా నీళ్లు వదిలాక పొలాలన్నీ తడిగా ఉంటాయి కాబట్టి అక్కడ ఆడేందుకు మిగిలేది హైస్కూల్ గ్రౌండే. పండగ సెలవులు గనుక బడి వల్ల ఇబ్బంది లేదు, ప్రధానోపాధ్యాయుడి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అందులో వ్యాపార బోర్డులు కడతామన్న మాట కూడా ఉండాలి. లేకపోతే కట్టిన ఫ్లెక్సులు విప్పమంటారు, డబ్బిచ్చినవాళ్ల ముందు తల దించుకోవాల్సి వస్తుంది. టెన్నిస్ బంతితో పది ఓవర్ల మ్యాచ్‌లు, పదహారు టీములు, ఓడినవాళ్లు ఇంటికి. అంటే మొత్తం 15 మ్యాచ్‌లు. జనవరి 12, 13 తేదీల్లో రోజుకు నాలుగు, భోగి నాడు నాలుగు క్వార్టర్ ఫైనల్స్, సంక్రాంతి మధ్యాహ్నం రెండు సెమీస్, కనుమ ఉదయం ఫైనల్.

ఫైనల్ కనుమ నాడు పెట్టడానికి కారణం ఉంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చినవాళ్లు ఆ ఒక్క రోజు ప్రయాణం పెట్టుకోరు. ఉదయమే ఎందుకంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం చట్టం వద్దన్నా కోడిపందేల బరుల వైపు మళ్లిపోతారు. తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పదకొండున్నరకల్లా కప్పు ఇచ్చేయవచ్చు, గారెల వేళకు అందరూ ఇళ్లు చేరతారు. ఈ ఏర్పాటు కుర్రాళ్లకు తెలిసిందే. కానీ కాగితంలో రాయరు. కొట్టాయనకు కావలసింది సరిగ్గా ఇదే. జనం ఏ రోజు, ఏ గంటకు ఒకచోట కూర్చుని ఉంటారో చెబితే ఆ బోర్డుకు ఎంత విలువో ఆయనే కట్టుకుంటాడు.

ఎంత అడగాలో తేలాలంటే ఖర్చు ముందు తేలాలి. ధరలు ఊరూరికీ మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. మన ఊళ్లో మొదటి బహుమతి 25,000, రెండోది 10,000, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్, సిరీస్ లాంటి వాటికి 5,000 అనుకుందాం. కప్పులు, బంతులు, పిచ్ చదును చేయించి రోలర్ తిప్పించడం, షామియానా, కుర్చీలు, మైకు, అంపైర్లు, స్కోరర్, చివరి రెండు రోజులు యూట్యూబ్ లైవ్, ఫ్లెక్సులు, కరపత్రాలు, మంచినీళ్లు, మందుల పెట్టె అన్నీ కలిపి మరో 64,000. మొత్తం 1,04,000. టీముకు 1,500 చొప్పున ప్రవేశ రుసుం 24,000 వస్తుంది. కొట్ల నుంచి రావలసింది 80,000.

ఈ 80,000ను 516లుగా పోగు చేయాలంటే నూట యాభై ఆరు గడపలు తొక్కాలి. మండల కేంద్రంలో అన్ని కొట్లు ఉండకపోవచ్చు కూడా. అందుకే ముక్కలు పెద్దవి చేయాలి. మొదటి బహుమతి మొత్తం ఇచ్చే ప్రధాన స్పాన్సర్ ఒకరు, 25,000. రెండో బహుమతి ఒకరు, షామియానా మైకు ఒకరు, లైవ్ ఒకరు, ముగ్గురూ పది వేల చొప్పున. మిగతా 25,000ను రెండున్నర వేల చొప్పున పది కొట్లు. అంటే పధ్నాలుగు మంది చాలు. ఇలా విడగొట్టడంలో ఇంకో సుఖం ఏమిటంటే, ఎవరి డబ్బు దేనికో పేరు పెట్టి చెప్పవచ్చు. "మీ పది వేలు రన్నరప్ టీము చేతికి వెళ్తుంది" అన్నాక ఆయన అడగాల్సిన ప్రశ్న మిగలదు.

ఇప్పుడు ఎరువుల కొట్టుకు రాసిన పేరా చూడండి.

"నమస్కారమండి. మన హైస్కూల్ గ్రౌండ్‌లో జనవరి 12 నుంచి కనుమ దాకా అయిదు రోజులు టెన్నిస్ బాల్ క్రికెట్ పోటీలు పెడుతున్నాం. పన్నెండు ఊళ్ల నుంచి 16 టీములు వస్తున్నాయి, ఊళ్ల పేర్లు కింద రాశాం. దాళ్వా నాట్లు పడి యూరియా చల్లే రోజులు కాబట్టి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీకు కావలసిన రైతు కుటుంబాలవాళ్లే. రెండో బహుమతి 10,000 రూపాయలు మీ షాపు పేరు మీద ఇవ్వమని అడుగుతున్నాం. ఎరువులు, పురుగుమందుల షాపుల్లో మీ ఒక్కరి బోర్డే ఉంటుంది. కీపర్ వెనక బౌండరీ మీద పది అడుగుల ఫ్లెక్సు కడతాం, ప్రతి మ్యాచ్‌లో రెండుసార్లు మైకులో మీ పేరు చెబుతాం, కనుమ ఉదయం రన్నరప్ కప్పు మీ చేతుల మీదుగా ఇప్పిస్తాం. డిసెంబరు 20లోగా మీ మాట తెలిస్తే కరపత్రంలో కూడా వేయిస్తాం. డబ్బుకు రసీదు ఇస్తాం. పోటీలయిన వారంలోగా జమాఖర్చులు, ఫొటోలు మీకు పంపుతాం."

కింద కమిటీలో ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు, ఆ పన్నెండు ఊళ్ల పేర్లు. అంతే. ఫోన్లో వాట్సాప్‌లో పంపినా ఇదే సరిపోతుంది. వాట్సాప్‌లో పొడవైన సందేశం మొత్తం ఒకేసారి తెర మీద కనిపించదు, మిగతాది చూడాలంటే నొక్కాలి. అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని ఊళ్లు అన్నవి మొదటి రెండు మూడు వాక్యాల్లోనే పడిపోవాలి.

ఈ పేరాలో అన్నిటికంటే బరువైన మాట "పన్నెండు ఊళ్లు". చాలామంది కుర్రాళ్లు ఇక్కడ "వేలాది మంది ప్రేక్షకులు" అని రాస్తారు. కొట్టాయన అదే మండలంలో పుట్టి పెరిగినవాడు. హైస్కూల్ గ్రౌండ్‌లో ఎంతమంది పడతారో ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాటతో కింద రాసినవన్నీ అబద్ధాల కోవలోకి పోతాయి. ఊళ్ల పేర్లు అలా కాదు. ఆయన వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ, ఏ ఊళ్లో తనకు ఖాతాదారులున్నారో, ఏ ఊరివాళ్లు అవతలి కొట్టుకు వెళ్తున్నారో మనసులో సరిచూసుకుంటాడు. ఆ రెండో రకం ఊళ్లు నాలుగున్నా ఆయనకు పది వేల మాట కొత్తగా వినిపిస్తుంది. జనం సంఖ్య తప్పనిసరిగా రాయాలనుకుంటే కిందటేడు ఫైనల్‌కు ఎన్ని బళ్లు నిలిపారో లెక్కగట్టి రాయాలి. లేదా కిందటేడు లైవ్‌ను ఎంతమంది చూశారో యూట్యూబ్ తెర మీద ఉన్న అంకె ఫొటో తీసి చూపించాలి. క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లో స్కోరు రాసి ఉంటే ఆ పాత స్కోరుకార్డులే పోటీలు నిజంగా జరిగాయనడానికి సాక్ష్యం. మొదటిసారి పెడుతున్నవాళ్లకు ఇవేవీ ఉండవు. వాళ్లు టీముల కెప్టెన్ల చేత ముందే ప్రవేశ రుసుం కట్టించి ఆ జాబితా చూపించడం మేలు.

తర్వాతి బరువైన మాట "మీ ఒక్కరి బోర్డే". మండల కేంద్రంలో ఎరువుల కొట్లు నాలుగుంటాయి. నలుగురి దగ్గరా తలా రెండున్నర వేలు తీసుకుని నాలుగు ఫ్లెక్సులు పక్కపక్కన కడితే ఒక్కరికీ లాభం లేదు, నలుగురికీ కోపం మిగులుతుంది. ఒక్కరికే ఇస్తామంటే ఆ చోటుకు విలువ వస్తుంది. కానీ ఈ మాట ఇచ్చాక నిలబెట్టుకోవడం కష్టం. కమిటీలో ఒకడి మేనమామకు ఇంకో ఎరువుల కొట్టు ఉంటుంది, పండగ రెండు రోజులుందనగా ఆయనే మూడు వేలు ఇస్తానంటాడు. అక్కడ తలూపిన కమిటీకి మరుసటేడు పది వేలు రావు. అందుకే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో, కాదంటే తర్వాత ఎవరో, అందరూ కూర్చుని ముందే రాసుకోవాలి. ఒకరు జవాబు చెప్పేదాకా రెండో కొట్టు మెట్లు ఎక్కకూడదు.

కీపర్ వెనక బౌండరీ అని ఎందుకు రాశామో కూడా చెప్పాలి. ఊళ్లలో సాధారణంగా అన్ని ఓవర్లూ ఒకే వైపు నుంచి వేస్తారు. లైవ్ కెమెరా బౌలర్ వెనక, కాస్త ఎత్తులో నిలబెడతారు. దాంతో తెర మీద ఎప్పుడూ కనిపించేది బ్యాట్స్‌మన్, కీపర్, వాళ్ల వెనకున్న బౌండరీ. అక్కడ కట్టిన ఫ్లెక్సు ప్రతి బంతికీ చిత్రంలో ఉంటుంది. బౌలర్ వెనక కట్టినది కెమెరాలో పడదు సరికదా, రంగురంగుల బొమ్మల్లోంచి వచ్చే బంతి బ్యాట్స్‌మన్ కంటికి ఆనదు. మొదటి మ్యాచ్‌లోనే ఆటగాళ్లు గొడవపెట్టి దాన్ని తీయిస్తారు. మైదానంలో జనం కళ్లు ఎక్కువగా పడే ఇంకో చోటు స్కోరు బోర్డు పక్కన. ఈ రెండు చోట్లూ పెద్ద స్పాన్సర్లకు ఉంచి, మిగతావాళ్లకు రోడ్డు వైపు బౌండరీ ఇవ్వవచ్చు. ఇదంతా ఒక కాగితం మీద గీసి పేరాతో పాటు చూపిస్తే, గీతలు వంకరగా ఉన్నా, కుర్రాళ్లు ఆలోచించి వచ్చారని ఆయనకు అర్థమవుతుంది.

ఇవ్వలేనివి రాయకూడదు. లైవ్ పెడతామని రాసే ముందు పండగ రోజుల్లో ఆ గ్రౌండ్‌లో సిగ్నల్ ఎలా ఉంటుందో చూసుకోవాలి. ఊరంతా సెలవులకు వచ్చి ఫోన్లు పట్టుకున్న వేళ మామూలు రోజుల వేగం ఉండదు. పక్కనున్న ఇంటి నుంచి బ్రాడ్‌బ్యాండ్ తీగ లాక్కునే వీలుంటేనే లైవ్ మాట ఎత్తాలి, లేదంటే రికార్డు చేసి రాత్రికి పెడతామని రాయాలి. ఫ్లెక్సు అచ్చుకు పంపే ముందు షాపు పేరు, ఫోను నంబరు యజమానికే చూపించి సరే అనిపించుకోవాలి. నంబరులో ఒక్క అంకె తప్పుపడితే ఆ ఫ్లెక్సు ఎంత పెద్దదైనా ఆయనకు సున్నా.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది నాయకుల ఫొటోలు. ఊరి పెద్దలు, పార్టీలవాళ్లు రూపాయి ఇవ్వకుండానే ప్రధాన ఫ్లెక్సులో సగం ఆక్రమిస్తారు, పాతిక వేలు ఇచ్చినాయన పేరు అడుగున చిన్న అక్షరాల్లోకి జారిపోతుంది. పైగా కొట్టుకు అన్ని పార్టీల రైతులూ వస్తారు. ఒక పార్టీ రంగుల పక్కన తన పేరు కనబడటం ఏ వ్యాపారీ కోరుకోడు. స్వాగత ఫ్లెక్సు వేరు, స్పాన్సర్ల ఫ్లెక్సులు వేరు అని కమిటీ మొదటి మీటింగులోనే తీర్మానం చేసుకుంటే, ఆ మాట పేరాలో ఒక వాక్యంగా చేర్చవచ్చు. నా ఉద్దేశంలో మిగతా వాక్యాలన్నిటికంటే ఎక్కువ డబ్బు తెచ్చేది అదే కావచ్చు.

ఎరువుల కొట్టుకు రాసిన పేరాను అలాగే బళ్ల షోరూమ్‌కు పట్టుకెళ్తే పనిచేయదు. తేదీలు, ఊళ్లు, ధర, రసీదు అన్నీ అవే. మారేది ఒక్క వాక్యం. బళ్ల షోరూమ్‌కు రైతు కుటుంబాల మాట కాక, పదహారు టీముల్లో ఇరవై, పాతికేళ్ల కుర్రాళ్లు రెండు వందలకు పైగా ఉన్నారన్న మాట కావాలి. గేటు పక్కన రెండు బళ్లు నిలబెట్టుకునే చోటు ఇస్తామంటే ఇంకా మంచిది. ప్రైవేటు స్కూలుకు పండగకు వచ్చిన తల్లిదండ్రులు కావాలి, బంగారం కొట్టుకు లైవ్ చూసే ఆడవాళ్లు, ఊరికి దూరంగా ఉన్నవాళ్లు కావాలి. బంగారం కొట్టును మైదానంలో ఫ్లెక్సు కోసం అడగడం కంటే లైవ్ ఖర్చు కోసం అడగడం నయం.

రైస్ మిల్లు యజమాని దగ్గర మాత్రం ఈ లెక్కలేవీ నడవవు. ఆయన కొట్టుకు బోర్డు చూసి వచ్చే గిరాకీ అంటూ ఉండదు. ఆయనకు పాతిక వేలు పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ ప్రకటన అవసరం లేదు. అక్కడ పని చేసేది ఇంకో దారి, స్మారక కప్పు. పోయిన తండ్రి పేరు మీదనో, చిన్నప్పుడు ఇదే గ్రౌండ్‌లో ఆడి అకాలంగా పోయిన తమ్ముడి పేరు మీదనో మొదటి బహుమతి. మన ఊళ్ల పోటీల కరపత్రాల మీద ఎక్కువగా కనిపించేది "స్మారకార్థం" అన్న మాటే. పెద్ద క్రికెట్‌లోనూ ఇదే దారి ఉంది. రంజీత్‌సింహ్‌జీ 1933లో పోతే, ఆయన పేరున కప్పు ఇచ్చినవాడు పటియాలా మహారాజు భూపీందర్ సింగ్. 1934లో మొదలైన ఆ పోటీయే ఈనాటి రంజీ ట్రోఫీ. హైదరాబాద్‌లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఇచ్చిన నవాబు పేరునే నిలిచిపోయింది. ఒక కంపెనీ తన సరుకు పేరును పెద్ద పోటీకి పెట్టించుకోవడం ఆ తర్వాతి సంగతి. ఇంగ్లండ్‌లో కౌంటీల వన్డే పోటీకి గడ్డం గీసుకునే బ్లేళ్ల కంపెనీ జిల్లెట్ పేరు పెట్టింది 1963లో.

స్మారక కప్పు కోసం రాసే పేరాలో ఫ్లెక్సు కొలతలు, మైకులో ఎన్నిసార్లు అన్నవి రాస్తే మర్యాద చెడుతుంది. "మీ నాన్నగారి పేరు మీద మొదటి బహుమతి ఇవ్వాలని మా కమిటీ అనుకుంది. కప్పు మీద ఆయన పేరు చెక్కిస్తాం. ఫైనల్ నాడు అమ్మగారి చేతుల మీదుగా ఇప్పించాలని మా కోరిక. మొదటి బహుమతి 25,000" అని నాలుగు వాక్యాలు చాలు. ఇది కాగితం ఇచ్చి రావలసిన పని కాదు, ఇంటికి పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్లి అడగాల్సింది. కొడుకు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే అతనికి ముందు చెప్పడం ఇంకా మంచిది. అలాంటివాళ్లు ప్రకటన కోరరు కానీ ఫైనల్ లైవ్ చూస్తారు. ఆ అయిదు నిమిషాలు సిగ్నల్ పోకుండా చూసుకోవాలి.

కొన్ని డబ్బులు వెతుక్కుంటూ వస్తాయి, వాటిని తీసుకోకూడదు. పందేల యాప్‌ల తరఫున ఎవరో ఫోన్ చేసి ఫైనల్ దాకా ఖర్చంతా భరిస్తామంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది. ప్రకటనలకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. ఆ చట్టంతోనే భారత జట్టు చొక్కా మీది డ్రీమ్11 పేరు పోయి అపోలో టైర్స్ వచ్చింది. గుట్కా, ఖైనీ, సిగరెట్ల కంపెనీల స్పాన్సర్‌షిప్పును 2003 పొగాకు చట్టమే వద్దంది. బ్రాందీ షాపు బోర్డు బడి గ్రౌండ్‌లో కట్టడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోడు.

డబ్బు ఎలా తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పుస్తకాలు రాసే వ్యాపారికి అది పెద్దదే. ఒకే రోజు ఒకరికి పది వేలు దాటి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. కాబట్టి పాతిక వేల స్పాన్సర్‌ను చెక్కుగానో, ఫోన్‌పే లాంటి వాటిలోనో ఇమ్మనాలి. ఒక్కడి సొంత ఖాతాలో కాకుండా ఇద్దరు కలిసి సంతకం పెట్టే ఖాతా తెరిస్తే తర్వాత మాట పడాల్సిన అవసరం ఉండదు. రసీదులో "ప్రకటన నిమిత్తం" అని, ఏ బోర్డుకో రాయాలి. పన్ను మినహాయింపు వస్తుందని మాత్రం రాయకండి. ఆ మినహాయింపు దాని కోసం నమోదైన సంస్థలకు ఇచ్చే విరాళాలకే, ఊరి క్రికెట్ కమిటీకి ఇచ్చిన దానికి రాదు.

పేరా ఎంత బాగా రాసినా వెళ్లే వేళ తప్పితే అంతే. పొద్దున్నే బోణీ కాకముందు ఏ కొట్టుకూ వెళ్లకూడదు. మంగళ, శుక్రవారాల్లో, ముఖ్యంగా దీపాలు పెట్టే వేళ, గల్లాలోంచి డబ్బు తీయని వ్యాపారులు చాలామందే ఉన్నారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక, సాయంత్రం బేరాలు మొదలవ్వకముందు ఉన్న రెండు గంటలు మంచివి. ఎనిమిది మంది గుంపుగా వెళ్లకండి, ముగ్గురు చాలు. వాళ్లలో ఒకడు ఆ కొట్లో సరుకు కొనే రైతు కొడుకై ఉండాలి. మాట్లాడేది వాడే. కాగితం ఇచ్చి వెంటనే డబ్బు అడగకుండా "ఆదివారం వస్తామండి" అని చెప్పి రావాలి. అడిగిన చోటే ఇమ్మంటే ఆయన చెయ్యి మళ్లీ 516 వైపే వెళ్తుంది.

పది వేలు ఎక్కువంటే ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకుని వెళ్లాలి. పదివేల బోర్డును ఆరు వేలకు ఇచ్చేస్తే ఆ సంగతి సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది, అప్పటికే పది వేలు ఇచ్చినాయన పిలిచి అడుగుతాడు. ధర తగ్గించకూడదు, చోటు మార్చాలి. "అయితే రెండున్నర వేలది తీసుకోండి, రోడ్డు వైపు బోర్డు ఇస్తాం, రెండో బహుమతికి ఇంకొకర్ని అడుగుతాం" అనాలి. ఆ "ఇంకొకర్ని" అన్న మాట విన్నాక కొందరు మళ్లీ ఆలోచిస్తారు. ఆలోచించకపోయినా నష్టం లేదు.

పోటీలయ్యాక వారంలో పంపుతామన్న జమాఖర్చులు పంపే కమిటీలు తక్కువ. పంపాల్సింది ఒక పేజీ: ఎవరి దగ్గర ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, ఎంత మిగిలింది. దానితో పాటు ఆయన ఫ్లెక్సు ముందు జనం నిలబడి ఉన్న ఫొటో ఒకటి, ఆయన కప్పు ఇస్తున్న ఫొటో ఒకటి. వాన పడి రెండు మ్యాచ్‌లు రద్దయితే ఆ మాట కూడా దాచకుండా రాయాలి. మరుసటేడు డిసెంబరులో పేరా తీసుకెళ్లేటప్పుడు ఈ ఫొటో వాళ్ల ఫోన్లోనే ఉంటుంది, కొత్తగా నమ్మించాల్సిన పని సగం తగ్గుతుంది.

కొట్లవాళ్లకు కూడా ఒక మాట. కుర్రాళ్లు ధర రాసి, చోటు గీసి తెచ్చినప్పుడు ఇష్టం లేకపోతే ఆ రోజే కాదని చెప్పేయండి. "చూద్దాంలేరా" అని భోగి దాకా తిప్పితే వాళ్లు మీ కోసం ఆ చోటు ఖాళీగా ఉంచి, పక్క కొట్టును అడగలేక కూర్చుంటారు. కాదన్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఇద్దామనుకుంటే మాత్రం రసీదు అడిగి తీసుకోండి, ఫ్లెక్సులో మీ నంబరు మీరే చదివి చూసుకోండి, కనుమ ఉదయం పదకొండింటికి ఓ అరగంట కొట్టు ఎవరికైనా అప్పగించి గ్రౌండ్‌కు వెళ్లండి.